మొదటి రోజు భోజనం మాదే

తాటిపాక దగ్గర గ్యాస్ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ సైట్ ఆఫీసులో కొత్తవాళ్ళని చేర్చుకునే పని నాది. ఉద్యోగం వచ్చినవాళ్ళకి చేరకముందే స్వాగతం చెబుతూ ఒక ఈమెయిల్ వెళ్తుంది. కింద సంతకం నాదే గానీ, అందులో ఒక్క కామా కూడా నేను మార్చడానికి లేదు. అది హైదరాబాద్ హెడ్డాఫీసు వాళ్ళు తయారుచేసి పంపినది.

మొదటి పేజీ ముద్దొస్తుంది. ఎన్నింటికి ఏ గేటు దగ్గరికి రావాలి, ఎవరిని అడగాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, ఫొటోలు, పాత ఉద్యోగం నుంచి రిలీవింగ్ లెటర్ అన్నీ అందులోనే. తర్వాత మొదటి వారం సంగతి. సోమవారం పరిచయాలు, మంగళవారం సేఫ్టీ క్లాసు, బుధవారం నుంచి స్టోర్స్‌లో పని నేర్చుకోవడం. మొదటి రోజు భోజనం మాదే, రెండో రోజు నుంచి క్యారేజీ తెచ్చుకోండి అని కూడా ఉంటుంది. అసలు ముక్క మాత్రం రెండో పేజీలో, రెండే వరుసల్లో: శుక్రవారం సాయంత్రంలోగా ఈ మెయిల్‌కి ‘వస్తున్నాను’ అని జవాబివ్వాలి, లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతివారికి వెళ్తుంది. ఆ జవాబులు కూడా నాకు రావు, హెడ్డాఫీసుకే వెళ్తాయి. ఆ రెండు వరుసలూ పైన పెట్టండి మహాప్రభో అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. గోడకి చెప్పుకున్నా ఒకటే.

ఆ సోమవారం పొద్దున్నే గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి వచ్చింది, లిస్టులో పేరు లేదన్నాడు. లిస్టు సరిగా చూడవయ్యా అని కసిరాను. అత్త మీద కోపం దుత్త మీద.

బయటికి వెళ్ళాను. ముక్తేశ్వరం అమ్మాయి, స్టోర్స్ అసిస్టెంటుగా మేమే ఎంపిక చేసుకున్నాం. ఇస్త్రీ చీర, చేతిలో ఫైలు. నన్ను చూడగానే నమస్కారం పెట్టి ఒక కాగితం చాపింది. నా ఈమెయిలే. లామినేషన్ చేయించి ఉంది.

“వానలో తడిసిపోద్దని నెట్ సెంటర్ బాబాయి గారు చేయించేరండీ,” అంది.

మా వైపు చాలామంది దరఖాస్తులు నెట్ సెంటర్లోనే పెడతారు, ఈమెయిల్ కూడా ఆ షాపాయనదే ఇస్తారు. వచ్చిన మెయిల్ ఆయన ప్రింటు తీసి చేతికిస్తాడు.

“రెండో పేజీ ఏదమ్మా?” అన్నాను.

“అందులో రెండు లైన్లే ఉన్నాయంటండీ. పేజీ దండగన్నారు.”

లోపల పరిచయాల గదిలో ఈ అమ్మాయి కూర్చోవాల్సిన కుర్చీలో అప్పటికే జాబితాలో తర్వాతి ఆమె కూర్చుని ఉంది. ఆమెదీ తప్పు లేదు.

హెడ్డాఫీసుకి ఫోన్ చేశాను. “మెయిల్‌లో స్పష్టంగా ఉంది కదా మేడమ్,” అన్నాడు అవతలి కుర్రాడు. బతిమాలాను, అరిచాను, మళ్ళీ బతిమాలాను. ఉన్నది ఒకటే ఖాళీ అన్నాడు.

అమ్మాయికి చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలీదు. ఆమె ఏడవలేదు, ఫైలు తెరిచింది. మెయిల్లో రాసిన వరుసలోనే అన్నీ పేర్చుకుని వచ్చింది. చివర రిలీవింగ్ లెటర్.

“ఇది కావాలన్నారు కదండీ. స్కూల్లో మానేసి తెచ్చేను. వాళ్ళు ఇయ్యనంటే మా నాన్నగారు పట్టుపట్టి రాయించేరు.”

“మళ్ళీ వాళ్ళనే అడిగితే?”

“వేరే టీచర్‌ని పెట్టేసుకున్నారండీ.”

ఆ ఉత్తరం అడిగింది నా సంతకంతో వెళ్ళిన మెయిలే. నా చేతిలో ఏముంది? గేటు పాసు లేదు, ఖాళీ లేదు, కనీసం ఆటో కూడా నేను పిలిస్తే వచ్చే చోటు కాదు. వాళ్ళ నాన్న సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని చెప్పి దింపి వెళ్ళిపోయాడట. కూతురు సాయంత్రం దాకా పనిలో ఉంటుందనుకున్నాడు పాపం.

మధ్యాహ్నం గేటు పక్కన గదిలో ఒక్కతే కూర్చుని ఉంటే, “తిన్నావా?” అని అడిగాను.

“క్యారేజీ తెచ్చుకోలేదండీ,” అని తల దించుకుంది. ఎందుకు తెచ్చుకోలేదో నాకు తెలుసు.

విజిటర్ చీటీ రాయించి క్యాంటీన్‌కి తీసుకెళ్ళాను. ఆ మెయిల్లో ఇచ్చిన మాటల్లో నా వల్ల నిలబడింది ఆ ఒక్కటే. సాంబారన్నం కలుపుకుంటూ, లోపల అందరినీ ఒకసారి చూసింది. కొత్తగా చేరిన ఆమె అవతలి బల్ల దగ్గర నవ్వుతూ తింటోంది.

“ఆవిడేనాండీ?” అంది మెల్లిగా.

అవునన్నాను.

“ఆయ్,” అని ఇంకో ముద్ద కలుపుకుని, “రేపట్నుంచి క్యారేజీ తెచ్చుకోవాలని ఆవిడకి చెప్పేరాండీ?” అంది.