ముందుగా చెప్పని ఆనకట్ట

విజయవాడలోని మా లా కాలేజీలో అంతర్జాతీయ నదుల చట్టం చెప్పేది ఇద్దరం: నేను, అనంతపురం నుంచి కొత్తగా వచ్చిన మేడం. మూట్ కోర్టు పోటీకి, అంటే ఉత్తుత్తి కేసు వాదించే పోటీకి, విద్యార్థులను ఢిల్లీ తీసుకెళ్లేది ఎవరో తేల్చడానికి ప్రిన్సిపాల్ మా జట్ల మధ్య వాదన పెట్టారు.

కేసు, నదుల ఒప్పందంలో చేరిన రెండు ఊహాదేశాలది. ఎగువ దేశం మాటమాత్రం చెప్పకుండా పెద్ద ఆనకట్ట మొదలుపెట్టింది. దాని తరఫున ఆవిడ జట్టు, దిగువ దేశం తరఫున నాది. డెల్టాలో పుట్టినవాణ్ని కదా, "మా కాలువలు ముందునుంచీ ఉన్నాయి, నీళ్లు మావే" అని మా పిల్లల్ని గంటసేపు వాదించమన్నాను. టైముంటే, ఉయ్యూరులో మా తాతను కృష్ణమ్మే రోజూ నిద్రలేపేదని కూడా చెప్పించేవాణ్నే.

ఆవిడ విద్యార్థిని లేచి, పాత వాడకం ఒక అంశమేనని, జనాభా, అవసరాలు, ప్రత్యామ్నాయాలు అన్నీ కలిపి తూచాకే న్యాయమైన వాటా తేలుతుందని అంది. ప్రిన్సిపాల్ మెచ్చుకోలుగా తలూపారు. నేను నా ఫైలు టపీమని మూసేశాను.

గెలిచాక ఆవిడ స్టాఫ్ రూముకు వచ్చింది.

"నష్టం కలిగించగల పనైతే దిగువవాళ్లకి ముందే తెలియజేయాలి కద సార్! మీరు దాన్నే పట్టుకుంటారని వణికిపోయాం. ఢిల్లీలో మాకు దిగువ పక్షం కూడా వస్తుంది. దానిమీద మా పిల్లలకో క్లాసు చెప్తారా?"

"నోటీసు అందింది మేడం. ఒప్పందం ప్రకారం జవాబుకి దిగువవాడిగా నాకు ఆర్నెల్లు టైముంది. అప్పటిదాకా నా ఒప్పుకోలు లేకుండా ఎగువవాళ్లు ఆనకట్ట మొదలెట్టకూడదు, మీరు ఢిల్లీ బయల్దేరకూడదండీ."

ఆవిడ నవ్వేసింది. పోటీ వచ్చే నెలే. మర్నాడు ఆ క్లాసు తనే చెప్పింది. తప్పు దొరక్కపోతుందా అని తలుపు బయట నిలబడి విన్నాను. ఒక్కటీ దొరకలేదు.