ఏ దశలో ఉందో తెలుపగలరు

టెక్నికల్ కవరు తెరిచిన రోజు కమిటీ బల్ల వెనక మా చర్చి పెద్ద కూర్చుని ఉన్నాడు. ఆయన టెండరు పిలిచిన సంస్థలో లెక్కల విభాగం అధికారి అని నాకు తెలుసు గానీ, కొనుగోలు కమిటీలో ఉన్నాడని తెలియదు. నేను లోపలికి వెళ్లగానే ఆయన చూపు ముందున్న ఫైలు మీదికి దిగింది. మళ్లీ ఎత్తలేదు. నాకు అర్థమైంది. నేనూ గోడ వైపు కుర్చీ లాక్కుని ఎవరినీ ఎరగనట్టు కూర్చున్నాను.

శామీర్‌పేట అవతల హాస్టళ్లున్న ప్రభుత్వ శిక్షణ సంస్థ అది. దుప్పట్లు, దిండు గలీబులు, కర్టెన్లు కుట్టి ఇవ్వడానికి ఆన్‌లైన్‌లో టెండరు పిలిచారు. జవహర్‌నగర్‌లో మా కుట్టు యూనిట్‌కి అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. ఆన్‌లైన్‌లో వేసేవే అయినా కవర్లనే అంటారు, టెండరుకు రెండు. మొదటిదైన టెక్నికల్ కవర్లో మన అర్హత కాగితాలు, రెండో దాంట్లో ధరలు. కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్ల ధరలే తెరుస్తారు. మేం ముగ్గురం వేశాం. ఆ రోజు మొదటి కవర్లు తెరిచి, ఎవరెవరు ఏమేం జతచేశారో చదివి, మాతో సంతకాలు పెట్టించుకుని, పరిశీలించి చెబుతామని పంపించేశారు.

షరతుల్లో ఒకటి నాకు కంఠతా వచ్చు. కమిటీ సభ్యులను ఏ రకంగానైనా ప్రభావితం చేయాలని చూస్తే టెండరు తిరస్కరిస్తారు. అందుకే ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నేను వెనక తలుపులోంచి బయటికొచ్చేశాను. ఆ తర్వాత ఆదివారం కూడా అంతే. ఆయన ముందు తలుపు దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెబుతుంటాడు. ఏళ్ల తరబడి ఆయన చేతిలో చెయ్యి పెట్టకుండా ఇంటికెళ్లని దాన్ని, దొంగలా తప్పుకుని తిరిగాను.

మా ఆయనకు ఇది వింతగా ఉండేది.

"ఎంతవరకొచ్చిందని ఒక్క మాట అడిగితే ఏమైతది? పని మాకే ఇయ్యమంటలేవు గదా."

"ఆయన్ని అడిగితే అట్లనే అయితది."

"ఆఫీసుకన్న రాయి మరి."

"అప్పుడే రాస్తే తొందర పెట్టినట్టుంటది. చూద్దాం."

చూద్దాం అంటూనే వారాలు గడిచాయి. ఈలోగా అలియాబాద్‌లోని ఒక బడివాళ్లు యూనిఫాంలు కుట్టిస్తామని వచ్చారు. ఉన్న మిషన్లతో రెండు పనులూ చేయలేను. వారం ఆగమన్నాను. వారం తర్వాత ఇంకో వారం ఆగమన్నాను. వాళ్లు వేరే చోట ఇచ్చుకున్నారు. ఆ సంగతి మిషన్ల దగ్గర చెప్పాను. అక్కడ కుట్టేవాళ్లలో నాకంటే పెద్దదైన ఒకామె, కుడుతున్న జాకెట్ మీంచి తల ఎత్తకుండానే, "అడుగుడు కూడ తప్పేనా బిడ్డా?" అంది.

ఆ సాయంత్రమే ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మొదటిసారి రాసిందాంట్లో మా యూనిట్‌లో ఒంటరి ఆడవాళ్లు ఉన్నారనీ, మామీద దయ ఉంచమనీ రాశాను. చదువుకుంటే నాకే సిగ్గనిపించింది. చింపేశాను. రెండోదాంట్లో "త్వరగా" అన్న మాట ఉంది. అది కొట్టేశాను. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. టెండరు నంబరు, మేం వేసిన తేదీ. మా ధరలకు ఇచ్చిన గడువు ఎప్పటితో ముగుస్తుందో. టెండరు ప్రస్తుతం ఏ దశలో ఉందో, మా వైపు నుంచి ఏదైనా రావాల్సి ఉందో తెలుపగలరు. ఇది సమాచారం కోసం మాత్రమే. కమిటీలో ఎవరి పేరూ లేదు. టెండరు పిలిచిన అధికారి హోదాకే రాశాను.

మర్నాడు శామీర్‌పేటలో బస్సు దిగి, ఆటోలో వెళ్లి, టపా తీసుకునే గదిలో ఇచ్చాను. అక్కడి గుమాస్తా ఉత్తరం చదివి నా మొహం చూశాడు.

"సార్ లోపలనే ఉన్నరు. కలుస్తరా?"

"వద్దన్నా. ముద్దరేసి నా కాపీ నాకియ్యి, చాలు."

"గింత దూరం వచ్చింది గీ ముద్దర కోసమేనా?" అని నవ్వాడు. నాకు ఆ క్షణంలో గర్వంగా అనిపించింది. ఎవరి గుమ్మమూ తొక్కకుండా అడగాల్సింది అడిగాననుకున్నాను.

నాలుగో రోజు జవాబు, ఉత్తరం కింద నేను రాసిన నా మెయిల్‌కే వచ్చింది. నా ఉత్తరమంత చిన్నదే. మీరు జతచేసిన పాత పని పూర్తి చేసినట్టున్న ధ్రువపత్రంలో తేదీ స్పష్టంగా కనబడనందున, స్పష్టమైన ప్రతి పంపమని మీ రిజిస్టర్డ్ మెయిల్‌కు రాశాం. ఇచ్చిన ఐదు రోజుల గడువులో జవాబు రాలేదు. అందువల్ల మీ టెండరు టెక్నికల్ దశలో అనర్హమైంది. ఫలితం పోర్టల్‌లో ఉంచాం. మీ ధరల కవరు తెరవలేదు.

వాళ్లు రాసింది కవర్లు తెరిచిన తర్వాత రెండో వారంలో. నేను చర్చి వెనక తలుపులోంచి తప్పుకుంటున్న రోజుల్లో.

మేడ్చల్‌లో నా టెండరు ఆన్‌లైన్‌లో వేసిన నెట్ సెంటరుకు పరుగెత్తాను. పోర్టల్‌లో నన్ను నమోదు చేసినప్పుడు, ఓటీపీలు తేలిగ్గా వస్తాయని సెంటరు నడిపే ఆయన తన మెయిలే ఇచ్చాడట. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కంప్యూటర్లో వెతికితే సంస్థ పంపిన మెయిల్ కనబడింది. తెరవకుండానే ఉంది.

"అక్కా, దినాం ఎన్ని మెయిళ్లొస్తయో తెలుసా? అందరియి చూసుకుంట కూసుంటే నా పనేం గావాలె?"

అసలు ధ్రువపత్రం ఆ క్షణంలో కూడా నా సంచిలోనే ఉంది. ముదురు నీలం సిరాతో తేదీ ఇంతింత అంకెల్లో ఉంది. ఫొటో తీసి పంపడానికి ఒక్క నిమిషం పట్టేది.

ఆదివారం నేను ముందు తలుపులోంచే బయటికొచ్చాను. ఆయన వందనాలు చెప్పాడు. జనం పలచబడేదాకా ఆగి అడిగాను.

"అన్నా, నా జవాబు రాలేదని మీకు తెలుసు గదా?"

"తెలుసు చెల్లె."

"మరి?"

"ఫైల్ల సంగతి బయట చెప్పొద్దు. నీకొక్కదానికి చెప్తే మిగతా ఇద్దరికి అన్యాయం జేసినట్టు. నువ్వే వచ్చి అడుగుతవనుకున్న. అడిగితే మెయిలు చూసుకో, ఆఫీసుకు రాయి అని చెప్పేటోణ్ణి. అందులో తప్పు లేదు."

"అడిగితే మీకు చెడ్డపేరొస్తదని అడగలే."

"నాకట్లనే అనిపించింది" అన్నాడు ఆయన. "నువ్వు తప్పుకుంట తిరుగుతుంటే, మంచిదేలే అనుకున్న."

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు మరింత మంటగా ఉంది. ఆయన నిబంధన ఆయన పాటించాడు. నా నిబంధన నేను పాటించాను. అసలు రెండో వారమే ఆ నాలుగు వాక్యాలూ రాసి ఇచ్చి ఉంటే ఎవరికీ మచ్చ రాకుండా పని జరిగేది. అలా రాయకూడదని ఏ షరతులోనూ లేదు. సమాచారం అడగడానికీ దయ అడగడానికీ తేడా తెలియక, రెంటికీ ఒకటే భయం పెట్టుకున్నాను. ఆ భయాన్ని నిజాయితీ అనుకున్నాను.

పని ముగ్గురిలో ఇంకొకరికి వెళ్లింది. వాళ్లు ఎవరినైనా కలిశారో లేదో నాకు తెలియదు. కలిసి ఉంటారని అనుకుంటే నాకు నిద్ర పడుతుంది గానీ, అలా అనుకోవడానికి నా దగ్గర ఆధారం లేదు. మా వాళ్లలో ఇద్దరు వేరే యూనిట్‌కి వెళ్లిపోయారు. పెద్దామె ఉంది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని కొన్నిసార్లు అనిపిస్తుంది.

పోర్టల్‌లో మెయిల్ నాది పెట్టించుకున్నాను. ఆ తర్వాత వేసిన ఒక చిన్న టెండరుకు పదిహేనో రోజునే ఉత్తరం ఇచ్చాను. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. ఆ పనీ రాలేదు, ధర ఎక్కువైందన్నారు. ఆ మాట విన్నప్పుడు బాధ వేసింది గానీ, కనీసం నా ధర తెరిచి చూశారు.

చర్చి పెద్దకూ నాకూ ఇప్పటికీ వందనాలు నడుస్తాయి. ఆయన చెయ్యి చాపుతాడు. నేను రెండు చేతులూ జోడిస్తాను.