చక్రాల పంపు వచ్చిందని చెప్పడం

నా ఫోన్‌లో చాలామందికి ఇప్పటికీ పేర్లు లేవు. "బీర్కూర్ నడుమునొప్పి" అని ఒకాయన ఉన్నాడు. "పంటొచ్చినంక చూస్తా" అని ఇంకొకాయన. "బరువున్నది అన్న అవ్వ" అని ఒక ముసలమ్మ. ఇది మా బాపు నేర్పిన అలవాటు. కామారెడ్డిలో మాది పురుగుమందు కొట్టే పంపులు, పైపులు అమ్మే దుకాణం. కొన్నవాళ్ళ సంగతి సరే, వాళ్ళు రిపేరుకైనా మళ్ళీ వస్తారు. చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ కింద పెట్టి పోయినవాళ్ళే బాపుకు ముఖ్యం. వాళ్ళు పోతూ పోతూ ఏదో ఒక మాట అంటారు. ఆ మాటే వాళ్ళ పేరు అనేవాడు. ఫోన్లు లేనప్పుడు అవన్నీ ఆయన బుర్రలో ఉండేవి. బజారులో ఎదురుపడితే పేరు మరిచిపోయి తడుముకునేవాడు గానీ, "నీ బాయికాడి దారి బాగైందా?" అని అడగడం మాత్రం మరిచేవాడు కాదు.

ఎల్లారెడ్డిలో చిన్న దుకాణం తెరుస్తానని నేను పట్టుబట్టినప్పుడు బాపు వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. అన్న మాత్రం "ఆడిపిల్ల పంపులు అమ్ముతదా" అని రెండు రోజులు నవ్వాడు. పొద్దున బస్సెక్కితే సాయంత్రం బస్సుకు తిరిగి రావడం. నా బతుకులో నాకు నేనుగా షట్టరెత్తిన చోటు అదొక్కటే. తాళం తీసేటప్పుడు ఆ ఇనుప రేకు చేసే చప్పుడంటే నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదంటారు.

కానీ ఇష్టంతో కిరాయి కట్టలేం కదా. వారానికోసారి వచ్చే అంగడి రోజు తప్ప దుకాణంలో ఈగలు తోలడమే. మొక్కజొన్న మొలిచి మోకాలెత్తు వస్తున్న రోజుల్లో బాపు ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, ఈ వానకాలం చూద్దాం అన్నాడు. కొత్తగా దించిన చక్రాల పంపులు ఎల్లారెడ్డిలో కదిలితే సరి, లేకుంటే షట్టరు దించేసి కామారెడ్డిలో అన్న పక్కన కూర్చుని బిల్లులు రాసుకోవాలి. కోపంగా చెప్పలేదు. అందుకే నాకు భయమేసింది.

చక్రాల పంపు అంటే పెద్ద వింతేమీ కాదు. మామూలు బ్యాటరీ పంపును నీళ్ళు నింపి వీపున మోయాలి. దీనికి కింద చట్రం, రెండు చక్రాలు, పట్టుకుని లాగడానికి పిడి, పొడుగాటి పైపు ఉంటాయి. సాళ్ళ మధ్య లాక్కుంటూ పోవచ్చు. వీపుకు పని లేదు. బరువని, నడుమని, భుజమని చెప్పి పోయినవాళ్ళు నా ఫోన్‌లో ఎంతమందో. వాళ్ళకు సంగతి తెలిస్తే చాలనుకున్నాను. ఎట్లా తెలపాలన్న దగ్గరే వచ్చింది తంటా.

అన్న ముందు ఒక పోస్టరు చేయించాడు. నవ్వుతున్న రైతు, వెనక ఎర్రటి సూర్యుడు, "ప్రియమైన రైతు సోదరులారా, సువర్ణావకాశం" అని పెద్ద అక్షరాలు. దాన్ని ఒక్క దెబ్బకు అందరికీ పంపాడు. మా నంబరు తమ ఫోన్‌లో దాచుకోనివాళ్ళకు అది అసలు చేరనే లేదు. చేరినవాళ్ళలో ఒకరు దండం బొమ్మ పెట్టారు, ఇంకొకరు శుభోదయం పువ్వు పంపారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సగం మంది ఆడవాళ్ళే అయినప్పుడు సోదరులారా అంటే ఎవరు పలుకుతారు?

ఇట్లా గంపగుత్తగా పంపితే కుదరదు, ఒక్కొక్కరికీ విడిగా పోవాలి అన్నాను నేను. అన్నకు అది బాగా నచ్చింది, మరీ ఎక్కువ నచ్చింది. ఫోన్‌లో ఉన్న పేరును దానంతట అదే మెసేజ్ మొదట్లో పెట్టి పంపే యాప్ ఒకటి పట్టుకొచ్చాడు. నేను అంగడి హడావుడిలో ఉండగా నా ఫోన్ తీసుకుని, ఏ పేరూ చూడకుండా నొక్కేశాడు.

"నమస్తే బీర్కూర్ నడుమునొప్పి గారు, మీ కోసమే ప్రత్యేకంగా..."

"నమస్తే పంటొచ్చినంక చూస్తా గారు, మీ కోసమే ప్రత్యేకంగా..."

అట్లా అందరికీ పోయింది. నేను చూసేసరికి జవాబులు వస్తున్నాయి. కొందరు నవ్వారు, ఒకాయన మా తాతలను తలుచుకున్నాడు. అవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. మహమ్మద్‌నగర్ నుంచి ఒకావిడ వచ్చి, పంపు ఎత్తి చూసి, దించి, మొగుడు ఒప్పుకోడని చెప్పి పోయింది. ఆమెను నేనెట్లా రాసుకున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. "నమస్తే మహమ్మద్‌నగర్ మొగుడొప్పుకోడు గారు." ఆ ఫోన్ మొగుడి చేతిలో ఉంది.

ఆయన ఫోన్ చేసి అరవలేదు. దుకాణం ఎక్కడ, రేపు తెరుస్తారా అని మాత్రం అడిగాడు. సాయంత్రం బాపుకు చెప్తే, పొట్ట పట్టుకుని చాలాసేపు నవ్వాడు. అన్నను తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నవ్వు ఆగాక నా వైపు తిరిగాడు.

"పేరు రాసుకున్నది నువ్వు యాదుంచుకోనీకి బిడ్డా, వాళ్ళ ముఖాన కొట్టనీకి కాదు. మొదలు ఆయనన్న మాట ఆయనకు యాది చెయ్యి. తర్వాత మన వస్తువు ఎవలకు పనికి రాదో చెప్పు. ఆఖరుకు పనికొచ్చేది చెప్పు. వద్దంటే ఊకో."

తెల్లారి ఆ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. బాపు కూడా నాతో ఎల్లారెడ్డి వచ్చి, మూలన స్టూలు మీద కూర్చున్నాడు, కలగజేసుకోలేదు. నేను ముందే తప్పయిందని చెప్పాను. ఆ మనిషి ఆ మాట విననట్టే ఉన్నాడు.

"తప్పు సంగతి తర్వాత చూద్దాం. నేను ఒప్పుకోనని మీకెవలు చెప్పిండ్రు? నన్నెవలన్న అడిగిండ్రా?" అన్నాడు.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నేల వైపు చూసింది. అతనికి కాదు, నాకు చెప్పింది. ఆ రోజు దుకాణం నిండా మగవాళ్ళున్నారట. నీళ్ళు లేని పంపే భుజానికెత్తుకుంటే తూలినట్టయిందట. మోయలేనని అంతమంది ముందు చెప్పడానికి మనసు రాక, నోటికొచ్చిన మాట అనేసిందట. మందు కొట్టేది ఆమేనట. ఆయన సుతారి పనికి, గోడలు కట్టడానికి, పొద్దున్నే పోతాడు. ఇంట్లో ఈ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నేను చక్రాల పంపు బయటికి లాగాను. బాపు చెప్పినట్టే, ముందు దానికి చేతగానిది చెప్పాను. బురద మడిలో ఇది కదలదు, చక్రాలు దిగబడతాయి. వరి ఉంటే గట్టు మీద నిలబెట్టి పైపు లాక్కోవాలి, అప్పుడు పైపు పట్టడానికి ఇంకొక మనిషి కావాలి. మొక్కజొన్నలోనైతే సాలు వెడల్పుంటేనే నడుస్తుంది. మొక్క మరీ ఎత్తు పెరిగాక ఆకులకు తట్టుకుంటుంది. వాళ్ళది మొక్కజొన్నే, కత్తెర పురుగు అప్పుడే మొక్క నడిమి సుడిలో పడుతోంది. ఆమె పిడి పట్టుకుని దుకాణం ముందు రోడ్డు మీద అటు నుంచి ఇటు లాగింది. నీళ్ళు నింపి ఇంకోసారి లాగింది. ఈసారి మొగుడి వైపు చూసి నవ్వింది. ఆయన డబ్బులు తీశాడు.

వాళ్ళు వెళ్ళాక మిగతావాళ్ళకు నేనే మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టాను. రాసి కాదు, నోటితో చెప్పి. పొద్దున కొందరికి, మధ్యాహ్నం కొందరికి. ఒకేసారి వరసబెట్టి చెబితే గొంతు పాఠం అప్పజెప్పినట్టయిపోతుంది, మూడో మనిషికే నాకు తెలిసిపోయింది. "అన్నా, మొన్న పిచ్చి మెసేజ్ వచ్చింది మా దగ్గరనుంచే, ఏమనుకోకు. పోయినేడు పంపు ఎత్తి చూసి నడుము పట్టుకున్నవు, యాదున్నదా? ఇప్పుడు మొయ్యకుండ లాక్కపోయేది వచ్చింది. నీ చేన్ల సాలు ఎంత వెడల్పున్నదో చెప్పు, నడుస్తదో లేదో చెప్త. అక్కర లేకుంటే లేదను, మళ్ళ అడగ." వరి ఒక్కటే వేసేవాళ్ళకు ఇది మీకు పనికిరాదన్నాను. వేరే చోట ఇప్పటికే కొనుక్కున్నానన్న ఆయనకు అది ఎట్లా నడుస్తోందో అడిగి వదిలేశాను. జవాబులన్నీ పొడుగ్గా వచ్చాయి. పిల్లల ఏడుపులు, బర్రెల అరుపులు, మధ్యలో సాలు కొలత. ఆ గొంతులు వింటూ ఖాళీ దుకాణంలో కూర్చున్న ఆ రోజులు నాకు ఎంత తీపిగా గుర్తున్నాయో. ఏ అంగడీ నాకు అంత నిండుగా అనిపించలేదు.

పంపులు మెల్లగా కదిలాయి. అన్నీ పోలేదు, చాలామటుకు పోయాయి. వానకాలం దాటింది. బాపు షట్టరు మాట మళ్ళీ ఎత్తలేదు. మంచిగ చేసినవనీ అనలేదు. ఆ ఒక్క మాట కోసం నేను చాలాకాలం ఎదురుచూశాను. అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. తర్వాత ఆయనకు జబ్బు చేసింది, తర్వాత అడిగే అవకాశమే లేకపోయింది.

బాపు పోయిన ఏడాదికేమో, పెద్దకొడప్‌గల్ నుంచి ఒక రైతు చక్రాల పంపుకు పైపు కావాలని ఎల్లారెడ్డి వచ్చాడు. ఆయన మొదట కామారెడ్డి దుకాణానికి పోయే మనిషట, పంపు అప్పట్లో తమ్ముడొచ్చి కొనుక్కుపోయాడట, నాకు కొత్త. ఇక్కడికి ఎట్లా వచ్చారని అడిగితే, అప్పట్లో బాపే ఇక్కడికి పొమ్మన్నాడని ఫోన్ తీసి వెతికాడు. అన్ని మెసేజ్‌లు తీసేస్తాడట, ఇదొక్కటి ఉంచుకున్నాడట. తన కొడుకు కాలు సంగతి మర్చిపోకుండా అడిగింది ఆయనొక్కడేనట.

నొక్కాడు. బాపు గొంతు వచ్చింది, మధ్యలో దగ్గుతూ.

"తమ్మీ, పోరని కాలు కట్టు ఇప్పిండ్రా? భుజం గుంజుతున్నదన్నవు గదా. మొయ్యకుండ కొట్టే పంపు వచ్చింది. బురదల మాత్రం నడువది, ముందే చెప్తున్న. చూస్తనంటే కామారెడ్డి దాక రాకు, దూరమైతది. ఎల్లారెడ్డిల మా బిడ్డ దుకాణమున్నది. మా బిడ్డ నాకంటె మంచిగ చెప్తది."

ఇంకోసారి పెట్టమని అడిగాను. ఆ మనిషి మళ్ళీ నొక్కాడు.