మరుదాచలం రాసిన 28.40

మరుదాచలం అన్న చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించాలని చూసినవాళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండితే మండనీ, చెప్పే తీరతాను.

కోయంబత్తూరు గణపతి పేటలో మా ఫ్యాక్టరీ. ట్రాక్టర్లకు ఇనుప చట్రాలు వెల్డింగ్ చేసి పంపుతాం. పద్దెనిమిదేళ్ళుగా నేనక్కడ తనిఖీ బల్ల దగ్గరే ఉన్నాను. అన్న నాకంటే ముందు నుంచీ ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు చేత్తో వెల్డింగ్ చేసిన మనిషి. మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. మాట మెత్తన. ఆడవాళ్ళందరినీ ఆ ఊరి పద్ధతిలో "అమ్మణీ" అని పిలుస్తాడు. ఎనిమిదేళ్ళ కిందట రోబో వచ్చినప్పుడు దానికి పని నేర్పమని ఈయన్నే నిలబెట్టారు. చేతి రిమోటుతో ఆ ఇనుప చెయ్యిని వెంట్రుకంత వెంట్రుకంత జరిపి, వెల్డింగ్ టార్చి మొన సరిగ్గా అతుకు మీద కూర్చున్నాక, తెర మీద ఆరు కీళ్ళ కోణాలూ చూసి నోటుబుక్కులో రాసుకునేవాడు. రెండొందల పన్నెండు చోట్లు, ఒక్కో చోటికి ఆరు కోణాలు, అన్నీ డిగ్రీల్లో, రెండు దశాంశాలతో.

"మెషీన్లోనే ఉంటాయి కదన్నా, మళ్ళీ ఈ చేతిరాత ఎందుకు?" అని అందరూ ఆటపట్టించేవాళ్ళు.

"మెషీనుకి మతిమరుపు వస్తే?" అనేవాడు నవ్వుతూ.

వచ్చింది. మొన్న వేసవిలో రోబోను నడిపే పెట్టె మాడిపోయింది. లోపలున్న కోణాలన్నీ దాంతోపాటే పోయాయి. ఫ్యాక్టరీకి మిగిలిన దిక్కు ఆ నోటుబుక్కే. అప్పుడు దానికి దండం పెట్టినంత పని చేశారు. పది రోజులు తిరక్కుండానే అదే నోటుబుక్కుని దొంగని చేశారు.

కొత్త పెట్టె వేరే కంపెనీది. దానికి డిగ్రీలు పనికిరావు, కోణాలు రేడియన్లలో ఇవ్వాలి. నూట ఎనభై డిగ్రీలంటే మూడు పాయింట్ ఒకటి నాలుగు చిల్లర రేడియన్లు. మార్చడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఇంజనీరు కవియరసన్ నోటుబుక్కంతా టైపు చేయించి, కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాము రాసి, పట్టీ మొత్తం ఒక్క నిమిషంలో మార్చేశాడు. మా షాపులో గోడ మీద ఒక బోర్డుంది: ఏ కొలతైనా రెండు దశాంశాలే. మిల్లీమీటర్లయినా డిగ్రీలయినా మేమంతా అలాగే రాస్తాం. అతనూ బోర్డు మాటే విన్నాడు.

మొదటి చట్రం ఎక్కించారు. చెయ్యి అతుకు దగ్గరికి వచ్చి, పాకాల్సింది పోయి ఒకేచోట నిలబడి మంట పెట్టింది. ఇనుము కరిగి చిల్లు పడింది. ఆ తర్వాత ఒక్కసారి అవతలికి గెంతింది. రెండో చట్రమూ అంతే. మూడోదీ అంతే.

మేనేజరు దండపాణి సార్ వచ్చాడు. చిల్లు చూశాడు, నోటుబుక్కు చూశాడు, తేల్చేశాడు.

"వయసైపోయింది, చూపు ఆనట్లేదు. కోణాలు తప్పు రాసుకున్నాడు. మరుదాచలం, తప్పు నాదేనని రాసిచ్చెయ్. హెడ్డాఫీసుకి కారణం చెప్పుకోవాలి. రేపట్నించి గ్రైండింగ్‌కి వెళ్ళు."

గ్రైండింగంటే కొత్తగా చేరినవాళ్ళు రోజంతా దుమ్ములో ఇనుము అరగదీసే చోటు. రిటైరవడానికి రెండేళ్ళున్న మనిషిని అక్కడికి పొమ్మన్నాడు, అదీ తప్పుడు రాతగాడన్న ముద్రేసి. కాగితం టైపయి వచ్చింది. మూడింటికి షిఫ్టు దిగేలోపు సంతకం కావాలట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కడైనా లెక్క సరిచూశాడా? లేదు! చేతిరాత కనబడగానే తప్పు దాందే అనేశారు.

పదిన్నర టీకి కూడా అన్న వెళ్ళలేదు. నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మణీ, ఆ చెయ్యి అక్కడ ఆగిపోతోంది. నేను దాన్ని ఆగమని చెప్పలేదు."

"ఎక్కడాగుతోందో చూపించన్నా."

నోటుబుక్కు తెరిచి వేలు పెట్టాడు. చెయ్యి మొత్తాన్నీ తిప్పే మొదటి కీలు కోణాలు వరసగా నాలుగు: 28.40, 28.55, 28.70, 28.85. ఆ తర్వాతది 29.00. తెల్లారి కళ్ళాపి ముగ్గంత నీటుగా ఉంది రాత. కవియరసన్ దగ్గరికెళ్ళి, రోబోకి ఎక్కించిన పట్టీ అచ్చు తీసిమ్మన్నాను. అదే వరస చూశాను. 0.50, 0.50, 0.50, 0.50. తర్వాత 0.51.

నాలుగు వేర్వేరు కోణాలు ఒకే అంకె అయి కూర్చున్నాయి! ఆ వరసలో మిగతా కీళ్ళ గతీ అంతే. చెయ్యి ఆగక ఏం చేస్తుంది పాపం? నాలుగుసార్లు అక్కడే ఉండమంటే ఉంది. ఐదోసారి ఒక్క గెంతు గెంతింది. మొదటి కీలు నుంచి టార్చి మొనకి పద్నాలుగు వందల మిల్లీమీటర్లు. దాన్ని 0.01 రేడియన్‌తో గుణిస్తే గెంతు పద్నాలుగు మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిస్తే చట్రం మీదా అంతే వచ్చింది.

"బాబూ కవీ, ఒక రేడియనంటే ఎన్ని డిగ్రీలు?" అన్నాను.

"యాభై ఏడు చిల్లర, మేడమ్."

"అయితే నీ రెండో దశాంశంలో ఒక్క అంకె అంటే ఎంత?"

అతను వేళ్ళ మీద లెక్కేశాడు. "అర డిగ్రీ పైన..."

"ఈయన డిగ్రీలో నూరోవంతు దాకా రాస్తే నువ్వు అర డిగ్రీకి నరికావు. ఆ 0.50ని మళ్ళీ డిగ్రీల్లోకి మార్చి చూడు."

మార్చాడు. 28.65 వచ్చింది. నోటుబుక్కులో 28.40.

"ఐదు దశాంశాలు పెట్టు," అన్నాను.

ప్రోగ్రాములో 2 కొట్టేసి 5 పెట్టాడు. అంతే, ఒక్క అంకె! 0.49567, 0.49829, 0.50091, 0.50353. నాలుగూ నాలుగు రకాలు. వెనక్కి మారిస్తే నోటుబుక్కులో ఉన్నవే అచ్చంగా తిరిగొచ్చాయి. రెండున్నరకి చట్రం ఎక్కించాం. చెయ్యి అతుకు వెంట చీమలా పాకింది. నేను భూతద్దం పెట్టి వెతికాను, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

దండపాణి సార్ వచ్చి చూసి, "సరే, లైను నడపండి," అన్నాడు. తర్వాత జేబులోంచి ఆ కాగితమే తీశాడు! "మూడు చట్రాలు పోయాయి కదయ్యా, ఏదో ఒక కారణం పంపాలి. గ్రైండింగ్‌కి వద్దులే, ఇక్కడే ఉండు. ఊరికే ఫార్మాలిటీ, ఒక్క సంతకం."

"సిగ్గు లేదా సార్? తప్పు ఎవరిదో కళ్ళతో చూశాక కూడా ఈయన మెడకే చుడతారా?" నా గొంతు షెడ్డు చివరిదాకా వినబడింది. గ్రైండింగు వాళ్ళు మెషీన్లు ఆపి ఇటు చూశారు.

"గమ్మునుండు అమ్మణీ," అని అన్న నన్ను ఆపాడు. కాగితం తీసుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన గొంతు అంత గట్టిగా ఎవరూ విని ఉండరు.

"నేను తప్పు రాశానని ఉంది ఇందులో. ఏ వరసలో సార్? చూపించండి. చూపిస్తే పెడతాను."

సార్ నోటుబుక్కు వైపైనా చూడలేదు. "వాదించకు. సంతకం కావాలి, అంతే."

"పెడతాను, ఇవ్వండి పెన్ను."

అన్న కాగితాన్ని నా బల్ల మీద పరిచి, టైపు చేసిన నాలుగు వరసల మీదా స్కేలు పెట్టి అడ్డంగా గీతలు కొట్టాడు. కింద తన ముత్యాల్లాంటి రాతలో రాశాడు: "నేను రాసింది 28.40. రోబోకి ఇచ్చింది 0.50, అంటే 28.65. అది నేను రాయలేదు." దాని కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి, తారీఖు వేసి, కాగితం కవియరసన్ ముందుకు జరిపాడు.

కవియరసన్ సార్ మొహం వైపు చూశాడు. చట్రానికి పడిన చిల్లు వైపు చూశాడు. చివరికి తల వంచుకుని, అన్న సంతకం కింద తన సంతకం పెట్టాడు.