మగ్గం గుంతలో రెండో గదుమ

మా ఇంట్లో నాకంటే ముందు పేరు తెచ్చుకున్నది నా రెండో గదుమ. నోటి కింద దేవుడిచ్చిన అసలు గదుమకు దిగువన, నేను తిన్నదంతా పోగుచేసి సొంతంగా కట్టుకున్నది. గద్వాల కోట బురుజుకున్నంత గట్టి పునాది దానికి. నేను నవ్వడం ఆపినా అది ఇంకాసేపు నవ్వుతూనే ఉండేది.

మేము చీరలు నేసేవాళ్లం. ఈమధ్య ఫోన్‌లో లైవ్ పెట్టి అమ్ముతున్నాం. మగ్గం మీద సగం నేసిన చీర చూపిస్తే కొనేవాళ్లకు నమ్మకం. అందుకని నేను గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చుని, ఒళ్లో ఉన్న నేత మీదనే ఫోన్ నిలబెట్టి, అంచు ఎట్లా కలుస్తుందో వేలితో చూపిస్తూ కోతలు కోసేవాణ్ని. చీర అమ్ముడుపోయేది నేత వల్లనో కోతల వల్లనో మాకు ఇప్పటికీ తేలలేదు.

ఒకనాడు కింద ఒక కామెంటు వచ్చింది. "అన్నా, చీర మస్తుంది. గొంతు కింద పెట్టుకున్న దిండు కూడ అమ్ముతరా?" దాని కింద నవ్వే బొమ్మలు కృష్ణకు వరదొచ్చినట్టు వచ్చాయి.

లైవ్ అయిపోయాక మా ఆవిడ తీర్పు చెప్పింది.

"మల్దకల్ జాతర దాక జూస్త. అప్పటికి గదుమ దిగిందా, నువ్వే కూసో. దిగలేదా, మగ్గం ముందల నేను కూసుంట. నువ్వు ఫోన్ ఎనకాల కూసొని ముచ్చట చెప్పు."

"నా మొఖం లేకుంటే చీరలెవరు కొంటరే?"

"నీ మొఖం ఉండంగ కొంటున్నరు గద, లేకుంటే ఇంకింత కొంటరు."

ముప్పై ఏళ్లు మగ్గంలో అటూ ఇటూ పోగు నడిపే నాడె విసిరిన మనిషిని ఫోన్ వెనక్కి తోసేస్తే ఏం మిగిలింది బతుకులో? ఆ రోజు నుంచి మెడ చుట్టూ తువ్వాల చుట్టుకుని తిరిగాను. ఎండాకాలం. చూసినవాళ్లంతా జ్వరమా అని అడిగారు. ఔనన్నాను.

నా పరేషాన్ సంగతి నాగర్‌కర్నూల్‌లో ఉండే మా మరదలికి చేరింది. ఆమెది బ్యూటీ పార్లర్. నవవధువులు అక్కడికి వెళ్లి, తమను తామే గుర్తుపట్టలేనంత అందంగా తిరిగొస్తారని పేరు. వెంటనే ఫోన్ చేసింది.

"బావా, దీనికి గింత రందా? కొవ్వు కరిగిచ్చే సూదులొచ్చినయ్. నేను కోర్సు చేసిన. రా, నీ గదుమను మంచులెక్క కరిగిస్త."

మా ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లాను. మరదలు నన్ను గుండ్రంగా తిరిగే కుర్చీలో వెనక్కి వంచి, తెల్ల పెన్సిల్‌తో గొంతు కింద చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. అద్దంలో చూసుకుంటే చీర మీద బుటా పువ్వు వేయడానికి ముందు మేము గీసుకునే గళ్ల కాగితంలా ఉంది. చుక్కలు ఒక దవడ నుంచి ఇంకో దవడ దాకా పోయాయి. ఇంకాసేపు వదిలితే చెవులు దాటి పెబ్బేరు సంతదాకా పోయేవి.

సూది తీసింది. అది నా కంటికి ఎద్దులకు పొడిచే సూదంత కనబడింది. ప్రాణం నాడెలా ఇటూ అటూ కొట్టుకుంది.

"ఆగు," అన్నది మా ఆవిడ. "ఆ సీసా ఇటియ్యి."

సీసాను తిప్పి తిప్పి చూసింది. ఏదో పరాయి లిపి. లోపల ఏముందో, ఎవరు చేశారో, ఎప్పటిదాకా పనికొస్తుందో మనకు తెలిసే భాషలో ఒక్క ముక్క లేదు.

"ఏడికెల్లి తెచ్చినవ్ చెల్లే?"

"ఆన్‌లైన్ల అక్కా. అందరు గదే వాడుతున్నరు."

"పట్టు కొనేటప్పుడు మనం ఏం చేస్తం? నాలుగు పోగులు పీకి కాల్చి వాసన జూస్తం. ఎంటికలు కాలిన వాసనొస్తేనే పట్టు అంటం. ఒంటి మీద కట్టే చీరకే అంత జూస్తె, ఈయన గొంతుల పొడిచేదాన్ని చూడకుంట పొడుస్తవా? లే, లేచి నడువు."

నేను అప్పటికే లేచి నడుస్తున్నాను. నిజం చెప్పాలంటే గుమ్మం దాటేశాను. మరదలు మాత్రం చిన్నబుచ్చుకోలేదు. "వనపర్తిల చర్మం డాక్టరమ్మ ఉంది బావా, ఆమెకు చూపిచ్చుకో. నాకు గూడ ఆమె ఏమన్నదో చెప్పు," అని, దారిలో తినమని కజ్జికాయలు కట్టిచ్చింది. గదుమ తగ్గించుకోవడానికి పోయేవాడికి కజ్జికాయలు. వనపర్తి వచ్చేసరికి పొట్లం తేలికైంది, నేను బరువెక్కాను.

గద్వాలకు తిరిగొచ్చే దారిలోనే వనపర్తి కాబట్టి ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. తువ్వాల తీయమన్నది. తీశాను. ఆమె దగ్గరికి వంగి చూసింది.

"ఈ చుక్కలేంది?"

అప్పుడు గుర్తొచ్చింది, వాటిని తుడుచుకోలేదని. మా ఆవిడ జరిగింది చెప్పింది. డాక్టరమ్మ పెన్నుతో దవడ అంచున ఉన్న చుక్కలు చూపించింది.

"ఇక్కడ పెదవి మూలను కదిలించే నరం పోతది. సూది దీనికి తగిలితే నవ్వు ఒక పక్కకు వంకర పోతది. మెల్లగ సర్దుకుంటది గాని, వారాలు, ఒక్కోసారి నెలలు పడతది."

నోటితోనే బతికేవాణ్ని. వంకర నోటితో కోసిన కోతలు ఎవరు నమ్ముతారు? మా ఆవిడ వైపు చూశాను. ఆమె సీసా చూసిన కళ్లతోనే నన్ను చూస్తోంది.

"సరే డాక్టరమ్మా, మీరే పొడవండి, సరైన చోట," అన్నాను.

"ముందు చూడనియ్యండి."

గొంతు కింద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టింది. పళ్లు బిగించి మెడ నరాలు లేచేలా పెట్టమన్నది. మళ్లీ పట్టింది. నీళ్లు తాగించి, మింగుతుంటే గొంతు తడిమి, థైరాయిడ్ వాపేమీ లేదన్నది. సంతలో ఎద్దు పళ్లు చూసేవాళ్లు కూడా ఇంత శ్రద్ధ పెట్టరు.

"ఆ సూది మందు మంచి కంపెనీది అయితే పనిచేస్తది," అన్నది. "మన పైత్యరసంలో ఉండేలాంటి పదార్థమే. కొవ్వు కణాలను పగలగొడతది, వాటిని ఒళ్లే మెల్లగ ఊడ్చుకుంటది. ఒక్కసారికి అయిపోదు. నెలకోసారి, రెండు నుంచి నాలుగు సార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. పొడిచిన ప్రతిసారి గొంతు కింద వాపు, నొప్పి, తిమ్మిరి. కొన్ని రోజులు కప్పలెక్క కనబడతరు."

"ఇప్పుడు గూడ గట్లనే ఉన్నడు గద," అన్నది మా ఆవిడ.

"మరి కొవ్వును పీల్చేస్తరంట గద, అది?" అని నేనడిగాను.

"లైపోసక్షన్. అది నేను చెయ్యను, కర్నూలుకో హైదరాబాదుకో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పోవాలె. మత్తిచ్చి, చిన్న రంధ్రాలు పెట్టి, సన్న గొట్టంతో లాగుతరు. ఒక్కసారిలో అయితది. తర్వాత గదుమకు పట్టీ కట్టుకోవాలె. వాపు పూర్తిగ దిగి అసలు ఆకారం తెలిసేసరికి నెలలు పడతది. బరువు నిలకడగ ఉండి, చర్మం బిగుతుగ ఉన్నోళ్లకు బాగుంటది."

"నాకో?"

"మీకు పై కొవ్వు కొంతే. పళ్లు బిగిస్తే వేళ్లకు దొరికేది తగ్గింది చూడండి. మిగిలింది మెడ కండరం కిందుంది. సూదులైనా, ఆ గొట్టమైనా చూసుకునేది పై కొవ్వునే. పైగా చర్మం వదులైతుంది. లోపలిది తీసేస్తే ఖాళీ సంచి వేలాడినట్టుంటది. మీ బరువు ఇంకా పెరుగుతనే ఉంది. ఇప్పుడు ఏది చేయించినా మళ్లీ నిండుతది."

"అంటే బరువు తగ్గాలె."

"అవును. అయితే గదుమ దగ్గర్నే తగ్గాలని మనం చెప్పలేం. ఒళ్లంతా తగ్గుతుంటే అదీ తగ్గుతది. నోటి కసరత్తులతో కరగదు. మొత్తం పోతదని కూడ చెప్పను, ఇంటి రక్తంలో ఉంటే కొంత మిగులుతది. మెల్లగ తగ్గండి, బరువు నిలబడనియ్యండి. అప్పటికీ ఉంటే సూదులా, సర్జనా చూద్దాం. గురక వస్తదా?"

"మగ్గం చప్పుడు దానికంటె నయం," అన్నది మా ఆవిడ.

గురక మధ్యలో ఊపిరి ఆగుతుందా అని అడిగి, రక్తం, షుగర్ పరీక్షలు రాసిచ్చింది. లేవబోతుంటే ఆపింది.

"అసలు ఇంత రంది దేనికి పడ్డరు?"

ఆ లైవ్ చూపించాను. డాక్టరమ్మ చూస్తూ చూస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఫోన్ ఎక్కడ పెట్టిండ్రు?"

"ఒళ్లో. నేత మీద."

ఆమె తన ఫోన్ బల్ల మీద, తన పొట్టకానించి పెట్టుకుంది. తల వంచి కిందికి చూస్తూ ఫొటో తీసి నాకిచ్చింది. సన్నగా, రెల్లుపుల్లలా ఉండే ఆ మనిషికి రెండు కాదు, రెండున్నర గదుమలున్నాయి.

మా మగ్గాలు నేల గుంతలో ఉండబట్టి, చీర ఒళ్లో ఉండబట్టి, ఫోన్ అక్కడ పెట్టడమే మాకు తోచింది. బల్ల మీద చీరలు పరిచి అమ్మే షాపులవాళ్లు చేయని తప్పు అది. నా గదుమ సగం నాది, సగం మగ్గానిది.

"ఫోన్ పైన పెడితె ఆ సగం ఇయ్యాలనే పోతది," అన్నది డాక్టరమ్మ. "మిగిలిన సగానికి అన్నం తగ్గించండి."

తగ్గించాను. నా పళ్లెంలో అన్నం కుప్ప అంతకుముందు వనపర్తి నుంచి కనబడేది, ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకే కనబడుతుంది. పొద్దున్నే చెరువు కట్ట దాకా నడిచేవాణ్ని. కుక్కలు మొదట మొరిగాయి, తర్వాత తోడొచ్చాయి. గురక తగ్గిందని మా ఆవిడ తన చెల్లెలికి ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. నాతో మాత్రం చెప్పలేదు.

మల్దకల్ జాతర వచ్చింది. గదుమ పోలేదు. బురుజు పోయి అరుగు మిగిలింది. మగ్గం పైన అడ్డంగా ఉండే కర్రకు ఫోన్ వేలాడగట్టి, తువ్వాల పక్కన పడేసి, గుంతలో కూర్చున్నాను. మా ఆవిడ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఇంత భయం నాకు పెళ్లిచూపుల్లో కూడా వేయలేదు.

అంచు చూపించాను, కొంగు చూపించాను, కోతలు కోశాను. గదుమ గురించి ఒక్క మాట రాలేదు. వచ్చిన మొదటి కామెంటు వేరే.

"అన్నా, నెత్తి మీద వెన్నెల మస్తుగొట్టింది."

పైనుంచి చూస్తే నా బట్టతల నిండుపున్నమిలా ఉందని నాకేం తెలుసు? ఇన్నాళ్లు కింది నుంచే చూపించుకున్నాను. అంతలో మా ఆవిడ ఫోన్ మోగింది. మరదలు.

"అక్కా, బావకు జర చెప్పు. నెత్తికి గూడ సూదులొచ్చినయ్."

"సీసా మీద ఏం రాసుందో ముందు చదివి చెప్పు చెల్లే," అని మా ఆవిడ ఫోన్ పెట్టేసింది. లైవ్‌లోకి తొంగి చూసింది. చీర కావాలని అడిగేవాళ్ల మాటలు నవ్వే బొమ్మల మధ్య నుంచి ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. నావైపు చూడకుండానే పక్కన పడేసిన తువ్వాల తీసి నా తలకు గట్టిగా చుట్టింది.

"నువ్వే కూసో," అన్నది. "కొంగు ఇంకోసారి చూపియ్యి, అడుగుతున్నరు."