మగ్గం గుంజకు కట్టిన సంచి

నేను మగవాళ్ళ వార్డులో నర్సుని. మూత్రం గొట్టంతో రోగి ఇంటికి వెళ్తుంటే, వెంట ఉన్నవాళ్ళకు చెప్పే పాఠం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను. గొట్టం ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడగాలి. గొట్టం చుట్టూ రోజూ శుభ్రం చేయాలి. మూత్రం చేరే సంచిని గొట్టం నుంచి ఊరికే ఊడదీయొద్దు. సంచి నేలకు ఆనొద్దు, నడుము కంటే పైకి పోవద్దు. వినకపోతే కసురుతాను. నా నోటికి వార్డంతా జడుస్తుంది.

మా బాపుకు ప్రొస్టేటు గ్రంథి పెరిగి మూత్రం ఆగిపోయింది. గుండె బలం లేదు, ఆపరేషన్‌కు తట్టుకోడన్నారు. గొట్టమే శాశ్వతమైంది. చౌటుప్పల్ దగ్గరి మా ఊళ్ళో ఆయన్ను దింపి, సంచిని మంచం పట్టెకు కట్టి చూపించాను. "నేలకు మాత్రం ఆననియ్యకుండ్రి, క్రిములు ఎక్కుతయ్" అన్నాను. మంచం మీది మనిషికి పట్టె ఎలాగూ నడుము కిందే. మిగతా సగం పాఠం చెప్పకుండానే బస్సెక్కాను. నర్సు ఇంట్లోవాళ్ళకు పాఠాలెందుకన్న పొగరు కూడా కొంత ఉంది.

బాపు నేతగాడు. మాది గుంట మగ్గం. కాళ్ళు గుంటలో పెట్టి, నేల మట్టాన కూర్చుని నేస్తారు. కాస్త ఓపిక రాగానే మళ్ళీ నేతకు కూర్చున్నాడని అమ్మ ఫోన్లో చెబితే సంబరపడ్డాను. అక్కడ సంచిని ఎక్కడ పెడతాడన్న ఆలోచనే రాలేదు. ఆ మగ్గం చప్పుడు వింటూ పెరిగినదాన్ని నేను.

కొన్నాళ్ళకు మూత్రం మబ్బుగా వస్తోందని అమ్మ చెప్పింది. నీళ్ళు ఎక్కువ తాగించమన్నాను. తర్వాత సంచి సరిగా నిండడం లేదంది. ఆదివారం వస్తానన్నాను. శనివారం పొద్దున, బాపు ఏదేదో మాట్లాడుతున్నాడని ఏడ్చింది.

నేను వెళ్ళేసరికి ఆయన మగ్గం దగ్గరే దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. సంచి మగ్గం గుంజకు, ఆయన ఛాతీ ఎత్తున, నూలుతాడుతో పొందికగా కట్టి ఉంది. గొట్టంలోని చిక్కటి మూత్రం సంచిలోకి ఎక్కలేక ఆయన వైపే జారుతోంది.

దవాఖానలో గొట్టం మార్చారు. కొత్త గొట్టం నుంచి మూత్రం పరీక్షకు తీసి, సూదిమందు మొదలుపెట్టారు. విషం రక్తానికి ఎక్కిందని డాక్టరు చెప్పకముందే, పడిపోతున్న బీపీ చూసి నాకు అర్థమైంది. ఆ భయమంతా అమ్మ మీద కక్కాను. అంత పైకి ఎట్లా కట్టనిచ్చావని, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని నలుగురిలో అడిగాను.

బాపు కళ్ళు తెరిచాడు. అప్పుడు కాసేపు తెలివిగానే ఉన్నాడు.

"మీ అమ్మనెందుకంటవ్ బిడ్డా? నేలకు ఆనొద్దని నువ్వే చెప్పినవ్ గద. ఒక్కపూట గూడ ఆననియ్యలే."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. చెప్పిన పని సరిగ్గా చేశానన్న తృప్తి ఉంది. మూడో రోజు బాపు పోయాడు.