చంద్రుడి పేరున పూసిన తెల్లరంగు

బెంగళూరులో ఎండలేమిటని మా ఊరివాళ్ళు నవ్వేవారు. వాళ్ళెవరూ మార్చి నెలలో మూడో అంతస్తు కాంక్రీటు కప్పు కింద మధ్యాహ్నం పూట పడుకుని చూసినవాళ్ళు కాదు. నిజానికి నేనూ చూడలేదు. పడుకున్నది నా భార్య.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అంచున ఒక మూడంతస్తుల ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాం. నేను ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఆమె నర్సు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. మాది మంత్రాలు, ప్రార్థనలు లేని పెళ్ళి. నన్ను నువ్వు అనే పిలవాలని ఆమెను పట్టుబట్టి ఒప్పించినవాణ్ణి. సమానత్వం గురించి అప్పటికి అరడజను వ్యాసాలు రాసి ఉన్నాను.

ఆమెకు ఐసీయూలో వరసగా రాత్రి డ్యూటీలు. ఉదయం ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చి, ఇంత తిని తొమ్మిదిన్నరకు నడుం వాల్చేది. పన్నెండు కాకముందే మెలకువ. అప్పుడు మంచం దిగి, తడి తువ్వాలు పరుచుకుని నేల మీద పడుకునేది. రెండు గంటలకు అదీ కుదరక మెట్ల మీద కూర్చునేది. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. ఆ వేళకు నేను బడిలో, ఎండాకాలం సెలవుల్లో ప్రత్యేక క్లాసుల్లో, ఆదివారాలైతే మా హేతువాదుల చర్చా మండలిలో ఉండేవాణ్ణి. జూన్‌లో ఐసీయూ ఇన్‌ఛార్జి పోస్టుకు పేర్లు అడుగుతారని, వరసలో తన పేరే ముందుందని మాత్రం చెప్పింది. "అప్పటిదాకా కళ్ళు తెరిచి నిలబడగలిగితే చాలు. రోజుకు అయిదు గంటల నిద్ర ఉంటే ఎట్టాగో లాక్కొస్తాను" అంది.

ఇంటి ఓనరు కింద అంతస్తులో ఉండేవాడు. మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన. వాళ్ళ తాతల కాలం నుంచీ బెంగళూరే. ఒక ఆదివారం పొద్దున పైకొచ్చి, గది మధ్యలో నిలబడి కప్పు కేసి చూశాడు.

"ఏమప్పా మేష్టరూ, పాప మొగం పీక్కపోయిండాది. నిద్ర లేదా?"

"వేడండీ" అంది నా భార్య.

"నాకు గొత్తు, తెలుసు. మా జాతకాల జోయిస్యుడు ఎప్పుడో చెప్పినాడు. ఈ గదికి చంద్రబలం లేదంట. మిద్దె పైన తెల్లగా పూపిస్తే చంద్రుడు చల్లబడతాడంట. ఇప్పుడు ఎండను తిప్పికొట్టే పెయింటు కూడా అంగట్లో వచ్చిండాది. నేనే పూపిస్తా. ఈడ కాపురముండే ఆలుమగలు ఒక టెంకాయ కొట్టి మొదలుపెట్టల్ల, అంతే."

నా భార్య నా ముఖం చూసింది. ఆ చూపు నాకు ఇవాళ్టికీ గుర్తు. అందులో అడగడం ఉంది, భయం కూడా ఉంది.

"నా నెత్తి మీద మూఢనమ్మకం పూయడానికి నేను ఒప్పుకోను" అన్నాను.

"ఓ, రోషం!" అని నవ్వాడాయన. "నెత్తి మీద వద్దప్పా, మిద్దె మీద."

ఆ రోజే మా చర్చా మండలిలో ఈ సంభాషణ మొత్తం చెప్పాను. చప్పట్లు కొట్టారు. చంద్రుడికి నిద్రమాత్రలు అమ్మే జ్యోతిష్కులని నేనన్న మాట చాలా రోజులు తిరిగింది. ఆ మాట అన్న రోజున మా ఇంట్లో నిద్ర లేనిది ఎవరికో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అయితే వేడి ఉందన్నది వాస్తవం. దాన్ని శాస్త్రీయంగా తేలుస్తానని నోటుబుక్కు తీసి మూడు గడులు గీశాను. మిద్దె పైన వేడిని తిప్పికొట్టే పెయింటు. ఫోమ్ అట్టలు. ఫాల్స్ సీలింగ్. మా చర్చల్లో ప్రతి పక్షానికీ సమాన సమయం ఇవ్వాలన్నది నియమం. ఇచ్చాననే అనుకున్నాను.

ఫోమ్ అట్టలు కాగితం మీద అన్నిటికన్నా బలమైనవి. మిద్దె పైన పరిస్తే ఎండ వేడి కాంక్రీటులోకి దిగనివ్వవు. కానీ వాటిని ఎండకు వదిలేస్తే పాడవుతాయి. మీద సిమెంటు పోయాలి, నీటి వాలు తప్పకూడదు. ఓనరును అడిగితే ఆ ఒక్క విషయంలో మాత్రం నాకన్నా తెలివిగా మాట్లాడాడు: "అట్టల కిందికి నీళ్ళు దిగినాయంటే మళ్ళా ఏడ కారతాందో ఎట్లా కనుక్కుంటావప్పా?" పోనీ లోపలి నుంచి కప్పుకు థర్మాకోల్ అంటిద్దామంటే, నిప్పు అంటుకుంటే కాలి కరిగి మంటతో సహా మంచం మీద పడుతుంది. ఆ గడి కొట్టేశాను. ఇంతవరకు తప్పు లేదు.

పెయింటు గడిలో ఇలా రాశాను: "దుమ్ము పడితే నల్లబడుతుంది. ఏటేటా కడగాలి. ప్రభావం సందేహాస్పదం."

మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది అబద్ధం. అదే నెలలో ఏడో తరగతి పిల్లల ముందు రెండు డబ్బాలు పెట్టాను. ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా రంగు వేసి, రెండిట్లోనూ నీళ్ళు పోసి, ఎండలో ఉంచాం. తెల్లడబ్బాలో నీళ్ళు తక్కువ వేడెక్కాయి. తెలుపు ఎండను వెనక్కి పంపుతుందని వాళ్ళ చేత నోట్సు రాయించాను. ఏటా చేయించే ప్రయోగమే. అంటే నాకు తెలుసు. తెలిసీ ఆ మాట నా పుస్తకంలోకి రానివ్వలేదు. రానిస్తే ఓనరు గెలిచినట్టు. ఒక మాటను తూచకుండా, అది ఎవరి నోట వచ్చిందో చూసి కొట్టిపారేయడాన్ని నేను ఇరవయ్యేళ్ళుగా తిడుతున్నాను. అదే పని చేశాను.

ఇక మిగిలింది ఫాల్స్ సీలింగ్. గది లోపలి పని కనక టెంకాయ ప్రసక్తి లేదు. ఏప్రిల్ మొదట్లో మొదలైంది. చేసినవాడు అనంతపురం వైపు నుంచి వచ్చిన పనివాడు. కప్పుకు ఇనుప పట్టీలు వేలాడదీసి, అడుగు కిందగా జిప్సం బోర్డులు బిగిస్తూ ఉన్నట్టుండి ఆగాడు.

"సార్, ఇది అందానికా, ఎండకా?"

"ఎండకు."

"ఎండకైతే పైన పెయింటు కొట్టల్ల సార్. మిద్దె కాలినాక కింద ఏం కట్టినా, ఆ కాలింది ఏడికి పోతాది? ఈ సందులో కూచుంటాది. కొంచెం ఆగుతాది, అంతే."

"నీకు పని ఇచ్చింది నేను. వద్దంటావేమిటి?"

"వద్దనలే సార్. తర్వాత నన్ను తిడతారని చెప్తాండా."

నిచ్చెన మీద నిలబడి అతను చెప్పింది మొత్తం భౌతికశాస్త్రం. తిట్టించుకునేది తనే కాబట్టి నిజం చెప్పాడు. ఫ్యాను రాడ్డు కోసి పొట్టి చేసి, పని ముగించి వెళ్ళిపోయాడు.

గది చూడటానికి బాగుంది. తలకు ఒక అడుగు దగ్గరగా వచ్చింది. ఫ్యాను రెక్కలు బోర్డుకు ఆనినంత దగ్గరగా తిరుగుతుంటే కిందికి మునుపటంత గాలి రాలేదు. తలుపు పక్కన థర్మామీటరు వేలాడదీసి, ఉదయం ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ రాసుకున్నాను. నాలుగో రోజున రెండు డిగ్రీలు తగ్గింది. ఆమె డ్యూటీకి తయారవుతుంటే ఆ పుస్తకం చూపించాను.

"నిన్న మామిడి వాన పడింది కదా" అంది జడ వేసుకుంటూ. "ఊరంతా తగ్గింది."

"లెక్క లెక్కే."

"ఏ లెక్క? నేను పడుకునేది పగలు. నువ్వు రాసేది పొద్దున, సాయంత్రం. ఆ రెండిటి మధ్య ఏం జరుగుతుందో ఆ పుస్తకంలో ఏదీ?"

"కొంచెం తగ్గలేదంటావా?"

"కొంచెం తగ్గింది. పన్నెండింటికి లేచేదాన్ని పన్నెండున్నరకు లేస్తున్నాను. రాసుకో."

రాసుకోలేదు.

మే రెండో వారంలో ఒక ఉదయం ఆమె పదింటి దాకా రాలేదు. వచ్చి, చెప్పులు విప్పకుండానే మంచం అంచున కూర్చుంది. తెల్లవారుజామున ఒక రోగికి డ్రిప్పులో మందు వేగం తప్పుగా పెట్టిందట. పక్క బెడ్డు నర్సు చూసి వెంటనే సరిచేసింది. రోగికి ఏమీ కాలేదు. కానీ రిజిస్టరులో రాయాలి కదా, ఆమే రాసింది. రాసి సంతకం పెట్టింది.

"నిద్ర లేదని చెప్పలేదా?"

"చెప్పాను. ఇంట్లో పడుకోరా అని అడిగారు." అప్పుడు చెప్పులు విప్పుతూ అంది: "ఏం చెప్పను? మా ఆయన చంద్రుడితో పోట్లాడుతున్నాడని చెప్పనా?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేవాణ్ణి, వాదన అయ్యేది. వాదనలో ఎట్లా నిలబడాలో నాకు తెలుసు.

మూడో రోజున నేను బడిలో క్లాసులు ముగించుకుని వచ్చేసరికి, వీధిలోంచే మిద్దె పిట్టగోడ తెల్లగా మెరుస్తోంది. కళ్ళు చికిలించుకోవలసి వచ్చింది. మెట్ల దగ్గర టెంకాయ చిప్పలు, పసుపు, కర్పూరం మసి. ఓనరు బ్రష్షులు కడుగుతున్నాడు.

"పాపే కొట్టిందప్పా టెంకాయ. ఒకటే దెబ్బ!"

పైకి పరిగెత్తాను. ఆమె డ్యూటీ చీర మడత పెడుతోంది.

"నువ్వు కొట్టావా?"

"కొట్టాను. రేపు ఆదివారం చర్చిలో తప్పయిందని చెప్పుకుంటాను. నీ మండలిలో నువ్వేం చెప్పుకుంటావో చెప్పుకో."

"పెయింటు పనిచేస్తుంది. చంద్రుడు కాదు. ఆ తేడా..."

"ఆ తేడా నీకు మార్చిలో కూడా తెలుసు" అంది.

మరుసటి రోజు మండలికి వెళ్ళలేదు. ఆమె చర్చి నుంచి వచ్చి పడుకుంది. మొదటిసారి ఆ గదిలో మధ్యాహ్నం రెండు గంటలకు ఉన్నాను. స్టూలు ఎక్కి, సీలింగ్‌లో పనివాడు వదిలిన మూత తీసి, చెయ్యి లోపలికి పెట్టి కాంక్రీటును తాకాను. గోరువెచ్చగా ఉంది, అంతే. బయట ఎండ పేలుతోంది. పెయింటు వెయ్యకముందు అది ఎంతగా కాలిపోయేదో నాకు తెలియదు. ఒక్కనాడూ చెయ్యి పెట్టి చూడలేదు. ఆమె నాలుగున్నర దాకా లేవలేదు.

జూన్‌లో పేర్లు వచ్చాయి. ఇన్‌ఛార్జి పోస్టు ఇంకొకామెకు ఇచ్చారు. నా భార్యను ఐసీయూ నుంచి తీసి మందుల స్టోరుకు వేశారు. పగటి డ్యూటీ. ఇక ఆ గదిలో పగలు పడుకోవలసిన అవసరమే లేకుండా పోయింది. ఓనరు మాత్రం చంద్రబలం వచ్చినందుకే పాపకు పగటి డ్యూటీ దొరికిందని వీధంతా చెప్పాడు. ఆయన్ని ఎదిరించడానికి నాకు నోరు రాలేదు.

కానీ రాయడానికి చెయ్యి వచ్చింది. జ్యోతిష్యం మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. అందులో నల్లడబ్బా, తెల్లడబ్బా ప్రయోగం ఉంది, ఎండ ఉంది, మిద్దె ఉంది. బాగుందని చాలామంది ఉత్తరాలు రాశారు. ఆమె వంటగదిలో నిలబడి మొత్తం చదివి, కాగితాలు తిరిగి ఇచ్చింది.

"ఇందులో ఒక్క అబద్ధం లేదు" అంది. "నేను కూడా లేను."

ఆ గదిలో ఇంకో ఆరేళ్ళున్నాం. పెయింటు గడిలో నేను రాసిన మొదటి రెండు మాటలూ నిజమే కాబట్టి, ఏటా ఎండలు ముదరకముందే మిద్దె కడిగి మళ్ళీ పూయాలి. ఆమే, ఓనరూ కలిసి పూసేవారు. ఏ రోజున పూస్తారో నాకు చెప్పేది కాదు. నేను బడి నుంచి వచ్చేసరికి మెట్ల మీద తెల్లచుక్కలు పడి ఉండేవి. వాటి మీద కాలు పడకుండా చూసుకుంటూ పైకి వెళ్ళేవాణ్ణి.